గేటు నుంచి మెట్రో మెట్ల దాకా

హైదరాబాద్‌లో ఫ్లాట్ల ప్రకటనలు ఒక నాలుగు చదివితే అయిదోది చదవక్కర్లేదు. ‘ప్రైమ్ లొకేషన్, లగ్జరీ టూ బీహెచ్‌కే, ఈస్ట్ ఫేసింగ్, మెట్రోకి వాకబుల్.’ 2017 నవంబరులో మెట్రో మొదలయ్యాక ఆ చివరి మాట లేని ప్రకటన అరుదు. చదివినవాడికి మాత్రం ఇల్లు కళ్లముందుకు రాదు. మామూలు రెండు పడక గదుల ఇంటిని లగ్జరీ అంటే ఇంకో నష్టం కూడా ఉంది. ఆ మాట నమ్మి వచ్చినవాడికి చక్కటి ఇల్లు కూడా చిన్నగా కనిపిస్తుంది.

చైతన్యపురి స్టేషన్ దగ్గర అలాంటి ఫ్లాటు ఒకటి ఉందనుకుందాం. పదిహేనేళ్ల నాటి అపార్ట్‌మెంటులో రెండో అంతస్తు, 950 చదరపు అడుగులు.

రాయడానికి కూర్చునే ముందు అపార్ట్‌మెంటు గేటు దగ్గర నుంచి స్టేషన్ మెట్ల దాకా ఒకసారి నడవాలి. మ్యాపు మీద తిన్నగా గీత గీస్తే 300 మీటర్లే రావచ్చు. సందు తిరిగి మెయిన్ రోడ్డెక్కి వెళ్లేసరికి అదే 450 అవుతుంది. మామూలు నడకకు నిమిషానికి 75, 80 మీటర్లు లెక్క వేస్తే ఆరు నిమిషాలు. ‘వాకబుల్’ బదులు ఆ ఆరు నిమిషాలే రాయండి. మెట్లు మనవైపే ఉన్నాయా, రోడ్డు దాటాలా, రాత్రి సందులో లైట్లు వెలుగుతాయా అన్నది కూడా చెప్పాలి. ఆఖరి రైల్లో దిగి ఒంటరిగా ఇంటికొచ్చే ఆడపిల్ల తల్లిదండ్రులు ముందు అడిగేది అదే. ఇక మెట్రో పైన వెళ్తుంది కాబట్టి చప్పుడు సంగతి తేల్చుకోవాలి. పడక గదిలో కిటికీ తెరిచి నిలబడి, రెండు మూడు రైళ్లు వెళ్లేదాకా వినండి. వినిపిస్తే దాచొద్దు. చూడ్డానికి వచ్చినవాళ్లకు ఎలాగూ వినిపిస్తుంది.

తర్వాత విస్తీర్ణం. ఆ 950లో మెట్లు, లిఫ్టు, కారిడార్లలో మన వంతు, గోడలు, బాల్కనీ అన్నీ కలిసి ఉంటాయి. దాన్నే సూపర్ బిల్టప్ అంటారు. 2016 నాటి రెరా చట్టం చెప్పే కార్పెట్ ఏరియాలో బయటి గోడలూ బాల్కనీ చేరవు, లోపలి అడ్డుగోడలు చేరతాయి. మన ఫ్లాటులో అది టేపు పెట్టి కొలిస్తే 640 వచ్చిందనుకోండి. పాత ఫ్లాటు అమ్ముకునే యజమానిని ఆ అంకె రాయమని ఎవరూ బలవంతం చేయరు. అయినా రెండూ రాయడమే మంచిది. అంకెతో పాటు గదిలో ఏం పడుతుందో చెబితే చిన్న గది చిన్నతనం పోతుంది. ‘10×10 బెడ్‌రూమ్’ అంటే ఎవరికీ ఏమీ తోచదు. ‘పిల్లలిద్దరి మంచాలు, ఒక చదువుకునే బల్ల పడతాయి’ అంటే తల్లి అక్కడే గది సర్దేసుకుంటుంది.

ఈస్ట్ ఫేసింగ్ అన్నది వాకిలి సంగతి. చాలామందికి అది ముఖ్యం, కాబట్టి ఉండాల్సిందే. కానీ వాకిలి తూర్పుకు తెరుచుకున్నా దాని ముందు కారిడార్ ఉంటే హాల్లోకి ఎండ రాదు. ఎండ ఏ గదిలోకి, ఏ పూట వస్తుందో చూసి విడిగా రాయాలి.

ఇవన్నీ పోగయ్యాక ప్రకటన ఇలా రాయొచ్చు:

‘చైతన్యపురి మెట్రో మెట్ల నుంచి ఆరు నిమిషాల నడక, రోడ్డు దాటక్కర్లేదు. అమీర్‌పేటకు రైలు మారకుండా వెళ్లొచ్చు. రెండో అంతస్తు, తూర్పు వాకిలి, రెండు పడక గదులు. కార్పెట్ 640, సూపర్ బిల్టప్ 950 చదరపు అడుగులు. వంటింట్లోకి పొద్దుటి ఎండ వస్తుంది. పెద్ద గదిలో డబుల్ కాట్, బీరువా పోగా నడవడానికి చోటుంటుంది. చిన్న గదిలో రెండు మంచాలు, ఒక బల్ల పడతాయి. బాల్కనీలో బట్టలారేసుకోవచ్చు, తులసి కోటకూ చోటుంది. మున్సిపల్ నీళ్లు, బోరు రెండూ ఉన్నాయి. లిఫ్టుకు జనరేటర్ ఉంది. స్కూటర్లు రెండు పెట్టుకోవచ్చు, కారు పార్కింగ్ లేదు. బాత్‌రూమ్ టైల్స్ పాతవి.’

చివరి రెండు వాక్యాలు చూసి యజమాని జంకుతాడు. కారు తప్పనిసరైనవాడు ఇంటిదాకా వచ్చి తిరిగిపోవడం వల్ల రెండువైపులా ఆదివారం పాడవుతుంది. మెట్రోలో ఆఫీసుకు వెళ్లేవాడికి ఆ లోటు పెద్దది కాదు, పైగా తక్కినవన్నీ నిజమేనన్న నమ్మకం కుదురుతుంది.

వీటి కింద ధర, నెలవారీ మెయింటెనెన్స్, స్థలంలో మన వాటా ఎన్ని గజాలో చెప్పే యూడీఎస్, బ్యాంకు లోన్ ఏదైనా బాకీ ఉందా అన్నవి ఉండాలి. ఫొటోల్లో మొదటిది ఎండ పడిన గదిదై ఉంటే బాగుంటుంది, లైట్లన్నీ వేసిన హాలుది కాదు. ప్రకటన వేశాక ఫోన్ చేసినవాళ్లంతా ఒకే ప్రశ్న అడుగుతుంటే, ఆ జవాబు మర్నాడే అందులో చేర్చేయండి.