కంచంలో ఎన్ని యూనిట్లు?

కరెంటు బిల్లు మీద యూనిట్లు ఉంటాయి. బిస్కెట్ ప్యాకెట్ వెనక కిలో కేలరీలు ఉంటాయి. ఒకటి మీటరు లెక్క, రెండోది డాక్టరు లెక్క అనుకుని రెంటినీ వేర్వేరుగా చూస్తాం. కానీ రెండూ కొలిచేది ఒక్కదాన్నే, శక్తిని. ఒక కొలతలోంచి మరో కొలతలోకి మారడానికి చిన్న గుణకారం చాలు. అది చేసి చూస్తే తిండి గురించీ వ్యాయామం గురించీ మనకున్న అంచనాలు కొన్ని తారుమారవుతాయి.

గుణకారం ఇదీ

లీటరు నీటిని ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కించడానికి పట్టే శక్తి ఒక కిలో కేలరీ. అది 4,184 జౌల్స్. ఒక వాట్ పరికరం గంటసేపు నడిస్తే ఖర్చయ్యేది ఒక వాట్ అవర్. గంటకు 3,600 సెకన్లు కాబట్టి అది 3,600 జౌల్స్. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 1.16 వస్తుంది. అంటే కిలో కేలరీల అంకెను 1.16తో గుణిస్తే వాట్ అవర్లు వచ్చేస్తాయి. వెయ్యి వాట్ అవర్లు ఒక యూనిట్. కాబట్టి 860 కిలో కేలరీల తిండిలో ఒక యూనిట్ కరెంటుకు సమానమైన శక్తి ఉంటుంది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. భౌతికశాస్త్రం పుస్తకంలో కేలరీ అంటే గ్రాము నీటికి సంబంధించినది, కిలో కేలరీలో వెయ్యో వంతు. తిండి విషయంలో మాత్రం మాటల్లో ‘ఇడ్లీకి ఇన్ని కేలరీలు’ అన్నా, అర్థం కిలో కేలరీలే. ఆస్ట్రేలియాలో ఉన్న మనవాళ్లకు ప్యాకెట్ల మీద కిలో జౌల్స్ కనిపిస్తాయి. వాటిని 4.184తో భాగిస్తే కిలో కేలరీలు, 3.6తో భాగిస్తే నేరుగా వాట్ అవర్లు వస్తాయి.

ఒక భోజనం లెక్క

ఇప్పుడు మధ్యాహ్న భోజనం ఒకటి తీసుకుందాం. అన్నం, కందిపప్పు, వంకాయ కూర, చెంచా నెయ్యి, పెరుగు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మన దేశపు ఆహార పదార్థాలను పరీక్షించి, వాటిలో ఏమేముందో చెప్పే పట్టికలను 2017లో వెలువరించింది. అలాంటి పట్టికలే ఈ లెక్కకు ఆధారం.

వంద గ్రాముల బియ్యంతో వండిన అన్నానికి సుమారు 355 కిలో కేలరీలు. ముప్పై గ్రాముల కందిపప్పుకు 100. వంకాయలకు పాతికకు మించవు. కూరలోకీ పప్పు పోపులోకీ కలిపి మూడు చిన్న చెంచాల నూనె, అంటే 15 గ్రాములు, దానికి 135. చెంచా నెయ్యికి 45. వంద గ్రాముల పెరుగుకు 60. మొత్తం 720. దాన్ని 1.16తో గుణిస్తే సుమారు 840 వాట్ అవర్లు. యూనిట్‌కు కాస్త తక్కువ.

ఈ లెక్కలో ఎక్కువమంది తప్పేది అన్నం దగ్గర. పట్టికలో ఉన్న 355 వంద గ్రాముల బియ్యానికి. ఉడికేటప్పుడు బియ్యం నీటిని పీల్చుకుని రెండున్నర, మూడు రెట్ల బరువవుతుంది. నీటికి కేలరీలు లేవు. కాబట్టి వంద గ్రాముల అన్నానికి 130 దాకానే ఉంటాయి. కంచంలో పెట్టిన అన్నాన్ని తూచి, బియ్యం అంకెతో గుణిస్తే జవాబు దాదాపు మూడింతలవుతుంది. పప్పుకూ ఇదే జాగ్రత్త అవసరం. వండకముందు కొలవడమే సుళువు.

మరొకటి కూడా గమనించండి. నూనె, నెయ్యి కలిపి కేవలం ఇరవై గ్రాములు. అయినా భోజనంలోని శక్తిలో పావు వంతు, అంటే 180 కిలో కేలరీలు, వాటిదే.

4, 4, 9 ఎక్కడివి?

పిండి పదార్థం గ్రాముకు 4, మాంసకృత్తులు గ్రాముకు 4, కొవ్వు గ్రాముకు 9 కిలో కేలరీలు. ఈ మూడు అంకెలూ పందొమ్మిదో శతాబ్దం చివర అమెరికాలో విల్బర్ అట్‌వాటర్ చేసిన కృషి ఫలితం. ఎండబెట్టిన ఆహారాన్ని ఉక్కు పాత్రలో, ఆక్సిజన్ నింపి మండిస్తారు. పాత్ర చుట్టూ ఉన్న నీరు ఎంత వేడెక్కిందో చూసి అందులోని శక్తిని కొలుస్తారు. కానీ పొయ్యి వేరు, పొట్ట వేరు. మాంసకృత్తులు ఆ పాత్రలో మండితే గ్రాముకు ఐదున్నరకు పైనే వస్తుంది. శరీరం వాటిని పూర్తిగా మండించలేదు, కొంత శక్తి యూరియా రూపంలో మూత్రంలో పోతుంది. జీర్ణం కాకుండా పోయేది ఇంకొంత. ఆ నష్టాలన్నీ తీసేశాక మిగిలింది 4.

అట్‌వాటర్ అక్కడితో ఆగలేదు. కనెటికట్ రాష్ట్రంలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ రోసాతో కలిసి మనిషి పట్టేంత గది కట్టించాడు. అందులో మనుషుల్ని రోజుల తరబడి ఉంచి, తిన్నది, విసర్జించినది, ఒంట్లోంచి వెలువడిన వేడి, చేసిన పని అన్నీ కొలిచాడు. లోపలికి వెళ్లిన శక్తికీ బయటికి వచ్చిన శక్తికీ లెక్క సరిపోయింది. తిండిని వాట్లలో కొలవడం వట్టి పోలిక కాదని చెప్పే ఆధారం ఇదే.

ఈ మూడు అంకెలూ సగటులు. గట్టి గింజల దగ్గర అవి దారి తప్పుతాయి. అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు 2012లో బాదం పప్పును పరీక్షించారు. పాత లెక్క ప్రకారం 28 గ్రాములకు 170 దాకా రావాలి, శరీరానికి అందింది 129. నమలగా మిగిలిన పలుకుల్లోని కొవ్వు కొంత జీర్ణం కాకుండానే వెళ్లిపోతుంది. అందుకే ఏ భోజనం లెక్కనైనా చివరి అంకె దాకా నమ్మకూడదు. పది శాతం అటూ ఇటూగా తీసుకోవాలి.

పడుకున్నా తిరిగే మీటరు

ఈ 840 వాట్ అవర్లు శరీరానికి ఎంతసేపు వస్తాయి? కదలకుండా ఉన్న మనిషికి కిలో బరువుకు గంటకు ఒక కిలో కేలరీ ఖర్చవుతుందన్నది వాడుకలో ఉన్న లెక్క. ఆడవాళ్లకు, పెద్ద వయసువాళ్లకు ఇంకాస్త తక్కువ. అరవై కిలోల మనిషికి గంటకు 60 కిలో కేలరీలు, అంటే 70 వాట్లు. మన ఇళ్లలోని మామూలు సీలింగ్ ఫ్యాను లాగేది కూడా దాదాపు అంతే. గుండె, మెదడు, కాలేయం, మూత్రపిండాలు అన్నీ కలిసి ఒక ఫ్యాను కరెంటుతో నడుస్తున్నాయన్నమాట. మన భోజనం ఆ ఫ్యానును పదకొండు, పన్నెండు గంటలు తిప్పుతుంది. మనిషినీ అంతసేపే పడుకోబెట్టి పోషిస్తుంది.

రోజుకు 24 గంటలకు 1,440 కిలో కేలరీలు ఇలా ఊరికే ఖర్చవుతాయి. రోజుకు 2,000 తినే మనిషి తిండిలో డెబ్భై శాతం దీనికే సరి.

నడిస్తే ఎంత?

నిశ్చలంగా ఉన్నప్పటి ఖర్చును 1గా తీసుకుని, ఏ పని దానికి ఎన్ని రెట్లో వ్యాయామ శాస్త్రంలో చెబుతారు. గంటకు ఐదు కిలోమీటర్ల నడక సుమారు మూడున్నర రెట్లు. గంటకు ఎనిమిది కిలోమీటర్ల పరుగు ఎనిమిది రెట్లు. కాబట్టి అరవై కిలోల మనిషికి గంట నడకకు 60 x 3.5 = 210 కిలో కేలరీలు.

ట్రెడ్‌మిల్, ఫోను సాధారణంగా చూపించేది ఈ 210నే. కానీ ఇందులో 60 ఆ గంట కుర్చీలో కూర్చున్నా ఖర్చయ్యేవే. నడక వల్ల అదనంగా ఖర్చయింది 150, కిలోమీటరుకు 30. మన 720 కిలో కేలరీల భోజనాన్ని 210తో భాగిస్తే మూడున్నర గంటల నడక అనిపిస్తుంది. 150తో భాగిస్తే దాదాపు ఐదు గంటలు, 24 కిలోమీటర్లు. చెంచా నెయ్యికే కిలోమీటరున్నర నడవాలి.

ఇక ఎక్కడం సంగతి. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు. ఒక్కో మెట్టు సగటున 15 సెంటీమీటర్లు అనుకుంటే మొత్తం 530 మీటర్ల ఎత్తు. అరవై కిలోల బరువును అంత ఎత్తుకు చేర్చడానికి కావలసిన పని మూడు లక్షల పైచిలుకు జౌల్స్. యూనిట్లలోకి మార్చితే 87 వాట్ అవర్లు, కిలో కేలరీల్లో 75 మాత్రమే. అయితే కండరం తాను ఖర్చు పెట్టిన శక్తిలో మహా అయితే పావు వంతునే పనిగా మార్చగలదు. మిగిలిన ముప్పావు వేడిగా పోతుంది. చెమటలు పట్టేది అందుకే. కాబట్టి ఆ మెట్లకు ఒంట్లోంచి ఖర్చయ్యేది సుమారు 300 కిలో కేలరీలు. మధ్యలో చదునుగా ఉండే దారికి మరికొంత కలపాలి. మోకాళ్ల పర్వతం దాటి కొండెక్కినా మెట్ల వల్ల కరిగేది ఆ భోజనంలో సగం లోపే.

అంకెను పరీక్షించండి

ఫోనో, జిమ్‌లోని యంత్రమో చెప్పిన అంకె నిజమా కాదా అన్నది మీరే తేల్చుకోవచ్చు. చూపించిన కిలో కేలరీలను మీ బరువుతో, చేసిన గంటలతో భాగించండి. మామూలు నడకకు జవాబు మూడు, నాలుగు మధ్య రావాలి. అరవై కిలోల మనిషి గంట నడిస్తే 600 ఖర్చయ్యాయని చూపించిందనుకోండి, జవాబు 10 వస్తుంది. అది గట్టిగా పరిగెత్తేవాళ్ల అంకె. ఆ యంత్రాన్ని నమ్మి సాయంత్రం ఒక ప్లేటు ఎక్కువ తింటే లెక్క తిరగబడుతుంది.

నడక ఆపమని ఈ అంకెలు చెప్పడం లేదు. గుండెకు, రక్తంలోని చక్కెరకు, నిద్రకు నడక చేసే మేలు కేలరీల్లో కొలిచేది కాదు. కానీ తిన్నదాన్ని నడిచి తీర్చేద్దాం అనుకుంటే మాత్రం అంకెలు ఒప్పుకోవు. కూరలో ఒక చెంచా నూనె తగ్గించడం ఒక్క క్షణం పని, దాన్ని నడిచి కరిగించడం ఇరవై నిమిషాల పని. బరువు తగ్గాలనుకునేవాళ్లు ముందు కొలవాల్సింది అడుగుల్ని కాదు, పొయ్యి దగ్గర చెంచాల్ని.