తప్పుకు వేసే జరిమానా

కంప్యూటర్‌కు ఫొటోలో మనిషిని గుర్తుపట్టడం నేర్పాలంటే, తప్పు చేసినప్పుడల్లా ఓ జరిమానా వేయాలి. దాన్నే లాస్ అంటారు. ఎంత వేయాలన్నదే చిక్కు.

1964లో పీటర్ హ్యూబర్‌ను వేధించింది లెక్కల్లో దొర్లే అచ్చుతప్పులు. ధరలో ఒక సున్నా ఎక్కువ పడితే చాలు, వర్గం చేసే పద్ధతిలో ఆ ఒక్క తప్పే మొత్తం లెక్కను తనవైపు లాగేసుకుంటుంది. అందుకే ఆయన చిన్న తేడాలకు వర్గాన్ని ఉంచి, ఒక హద్దు దాటాక జరిమానా తిన్నగా మాత్రమే పెరిగేలా చేశారు. హింజ్ లాస్ దారి వేరు. స్పామ్ మెయిల్‌ను తగినంత దూరంతో సరిగ్గా వేరుచేస్తే జరిమానా సున్నా. సరిహద్దు దగ్గర తచ్చాడితే, జవాబు సరైనదైనా కొంత పడుతుంది.

2017లో ఫేస్‌బుక్ పరిశోధకులకు ఎదురైన ఇబ్బంది హ్యూబర్‌ది తిరగేసినట్టుంటుంది. ఒక ఫొటోలో దాదాపు లక్ష చోట్ల వెతికితే వస్తువులుండేది ఏ పదిచోట్లో. మిగతాదంతా ఆకాశం, గోడ, రోడ్డు. ఖాళీ చోటును 0.9 నమ్మకంతో సరిగ్గా చెప్పినా మామూలు జరిమానా 0.105. లక్షకు 10,500! కష్టమైన పది వస్తువులకు, ఒక్కోదానిపై నమ్మకం 0.1 అయితే, మొత్తం 23 మాత్రమే. ఇక యంత్రం నేర్చుకునేది గోడల గురించే.

ఫోకల్ లాస్ ఆ జరిమానాను `(1-p)^2`తో గుణిస్తుంది. ఖాళీ చోట్ల మొత్తం 105కు పడిపోతుంది, వస్తువులది దాదాపు 19 దగ్గర నిలుస్తుంది.

అయితే ఫొటోకు పేరే తప్పుగా రాసి ఉంటే, దాన్నీ ఇది కష్టమైన ఉదాహరణగానే భావించి పట్టుకు కూర్చుంటుంది.