పేరుకు చోటు వదిలిన సెల్ఫీ

సినిమా పోస్టర్‌లో ముందు మొహం కనిపిస్తుంది, ఆ వెంటనే పేరు. సెల్ఫీతో పోస్టర్ చేయబోయేవాళ్లు తడబడేది ఈ పేరు దగ్గరే. చెయ్యి చాచి తీసిన సెల్ఫీలో తల పై అంచును తాకుతుంటుంది. పేరు రాయబోతే జుట్టు మీదో నుదుటి మీదో పడుతుంది. అది ఎక్కడ రావాలో ఫొటో తీయకముందే తేల్చుకోవాలి.

అందుకే ఫోన్‌ను నాలుగైదు అడుగుల దూరంలో స్టూలు మీద నిలబెట్టి టైమర్ పెట్టుకోవడం మేలు. మరీ దగ్గర నుంచి తీస్తే ముక్కు పెద్దదిగా, చెవులు చిన్నవిగా వస్తాయి. దూరం జరిగితే ఆ వంకర తగ్గుతుంది. తల పైన ఫ్రేములో మూడో వంతు ఖాళీ ఉంచాలి. హాలీవుడ్ పోస్టర్ కొలత 27 x 40 అంగుళాలు, అంటే దాదాపు 2:3. ఫోన్ ఫొటో సాధారణంగా 3:4. ఆ ఆకారానికి కత్తిరిస్తే వెడల్పులో తొమ్మిదో వంతు పోతుంది కనుక భుజాల పక్కన కూడా కాస్త చోటుండాలి.

వెలుగుకు పగటిపూట ఒక్క కిటికీ చాలు. ట్యూబ్‌లైటు ఆర్పేయాలి, లేకపోతే అది నీడలన్నిటినీ చెరిపేస్తుంది. కిటికీ ఒక పక్కన, కొద్దిగా ముందుకు ఉండేలా చూసుకుని, కుర్చీలో కాకుండా పీట మీద కూర్చుంటే వెలుగు పై నుంచి ఏటవాలుగా దిగుతుంది. అప్పుడు తల మెల్లగా తిప్పుతుంటే ఒక చోట నీడ పడిన చెంప మీద, కంటి కింద, చిన్న త్రికోణంలా వెలుగు నిలుస్తుంది. అక్కడ ఆగాలి. 17వ శతాబ్దపు డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ గీసిన మొహాల్లో కనిపించే వెలుగు ఇదే. ఫొటోగ్రాఫర్లు దీన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. త్రికోణం కనపడకుండా పోయి ఆ కన్ను నల్లటి గుంటలా మారితే తల వెలుగు వైపు కాస్త తిప్పాలి. వెనక గోడ తెల్లదైతే ముదురు దుప్పటి వేలాడదీయాలి. తెర మీద వెలుగున్న చెంపను తాకి, ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించాలి. చెంప తెల్లగా మాడిపోతే ఆ చర్మం రంగును తర్వాత ఏ యాప్ కూడా వెనక్కి తేలేదు.

ఇక రంగు. 2000లో వచ్చిన ‘ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?’ సినిమా మొత్తాన్ని డిజిటల్‌గా గ్రేడింగ్ చేసి, పచ్చటి చెట్లను ఎండిన పసుపులోకి మార్చారు. పోస్టర్లలో మాత్రం ఎక్కువగా కనిపించేది నీలి నీడలు, నారింజ వెలుగుల జోడీ. మనిషి చర్మం ఏ ఛాయదైనా నారింజ వైపే ఉంటుంది. దానికి ఎదురు రంగు నీలం కనుక మొహం ముందుకు వచ్చినట్టు అనిపిస్తుంది. Snapseed యాప్‌లో Curves తెరిచి, Blue గీత కింది కొసను కొద్దిగా పైకి, పై కొసను కొద్దిగా కిందికి జరిపితే నీడలు నీలమై, వెలుగు పసుపెక్కుతుంది. జరపడం ఎక్కువైందో లేదో కంటి తెలుపు చెప్పేస్తుంది. అది పచ్చకామెర్లు వచ్చినట్టు కనిపిస్తే సగానికి తగ్గించాలి.

పేరు చివర్లో రాయాలి. చెంప మీది వెలుగు రంగునే అక్షరాలకూ వాడితే, ముదురు దుప్పటి ముందు అవి విడిగా అతికించినట్టు కాకుండా ఫొటోలో కలిసిపోతాయి.