కెమెరా ఉన్నవాళ్లకు ఏం కొనివ్వాలి?

ఫొటోల పిచ్చి ఉన్న మేనల్లుడికి పుట్టినరోజు కానుక కొందామని షాపుకు వెళ్తే ముందు చూపించేది కాంబో ప్యాకెట్టు. అందులో తుడిచే గుడ్డ, నాలుగు రంగుల ఫిల్టర్లు, గాలికే ఊగే ట్రైపాడ్ ఉంటాయి. చవకే. నెల తిరక్కుండా అటకెక్కేదీ అదే. ఇచ్చేవాళ్లు ముందుగా చూడాల్సింది షాపును కాదు, ఆ కుర్రాడు తీసిన ఫొటోలను. అతను ఎక్కడ ఆగిపోతున్నాడో అవే చెబుతాయి.

చాలామంది చేతిలో ఉండే కెనాన్ 1500డి సంగతే తీసుకుందాం. దానితోపాటు వచ్చే 18-55 లెన్సు పగటిపూట, ఆరుబయట బాగానే పనిచేస్తుంది. ఇబ్బందల్లా రాత్రిపూట ఇంట్లోనే. 50 మిల్లీమీటర్ల దగ్గరికి జూమ్ చేస్తే ఆ లెన్సు తెరుచుకునేది ఎఫ్/5.6 వరకే. ట్యూబ్‌లైటు వెలుతురులో షట్టరు సెకనులో 15వ వంతు సేపు తెరిచి ఉండాల్సి వస్తే, కేకు కోస్తున్న పాప చెయ్యి అలికేసినట్టు వస్తుంది. అదేచోట 50 ఎం.ఎం. ఎఫ్/1.8 లెన్సు పెడితే దాదాపు పది రెట్ల వెలుతురు లోపలికి వస్తుంది. ఐఎస్ఓ మార్చకుండానే షట్టరు 150వ వంతు దగ్గరికి చేరుతుంది, చెయ్యి స్పష్టంగా నిలుస్తుంది. పైగా వెనకున్న బీరువా, కర్టెన్లు మెత్తగా మసకబారి ముఖం ఒక్కటే తేలుతుంది. కొత్తది పదివేల రూపాయల చుట్టుపక్కల దొరుకుతుంది. ఖరీదైన కానుక ఇవ్వాలనుకుంటే నా ఓటు దీనికే. కొత్త కెమెరా బాడీ కొనిచ్చి పాత కిట్ లెన్సే తగిలిస్తే ఇంత తేడా కనబడదు.

దీనికీ ఒక హద్దుంది. 1500డి సెన్సరు చిన్నది కాబట్టి ఈ లెన్సు దృశ్యాన్ని బాగా దగ్గరికి లాగేస్తుంది. ఆరడుగుల మనిషి నిలువెల్లా పట్టాలంటే పదిహేనడుగులు వెనక్కి జరగాలి. మన అపార్ట్‌మెంటు హాళ్లలో ఆపాటికి వీపు గోడకు తగులుతుంది. ముఖాలు తీసేవాళ్లకు పర్వాలేదు, కుటుంబమంతా ఒక ఫ్రేములో కావాలనేవాళ్లకు ఇది పనికిరాదు.

లెన్సు కొనేముందు బాడీ మీద ఉన్న పేరు ఫొటో తీసి పెట్టుకోండి. కెనాన్‌లో ఆర్ఎఫ్ అని ఉన్న కొత్తతరం లెన్సు 1500డికి అసలు బిగదు. నికాన్‌లో చిక్కు ఇంకా మాయదారిది. డి3500 లాంటి బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు. 50 ఎం.ఎం. ఎఫ్/1.8డి చక్కగా బిగుస్తుంది, ఫొటో కూడా వస్తుంది, ఆటోఫోకస్ మాత్రం పనిచెయ్యదు. చేత్తో తిప్పుకోవాల్సిందే. మోటారు లెన్సులోనే ఉన్న ఏఎఫ్-ఎస్ రకం 1.8జి అడగాలి. సెకండ్‌హ్యాండ్‌ది కొంటుంటే లెన్సులోకి సెల్‌ఫోను టార్చి వేసి ఏటవాలుగా చూడండి. సాలీడు దారాల్లాంటి గీతలు కనిపిస్తే అది ఫంగస్, అక్కడే వదిలేసి రండి.

ఆ ఫంగస్ మాటే వచ్చింది కాబట్టి, విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్లవాళ్లకు నేనిచ్చే మొదటి కానుక లెన్సు కాదు. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, రంగు మారే సిలికా జెల్, తేమ కొలిచే చిన్న మీటరు. అన్నీ కలిపినా చిన్న ఖర్చే. డబ్బాలో తేమ 40-50 శాతం మధ్య ఉంటే చాలు, 60 దాటి అలాగే ఉండిపోతే గాజు మీద బూజు మొదలయ్యే ప్రమాదం ఉంది. జెల్ రంగు మారితే వంటకు వాడని గిన్నెలో సన్నసెగ మీద వేడిచేస్తే మళ్లీ పనికొస్తుంది. తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచడం కంటే హాని లేదు, ఆ తోలే తేమను పట్టి ఉంచుతుంది.

ఇక నేర్చుకునే సంగతి. ఫొటోలన్నీ ఆటో మోడ్‌లోనే ఉంటే లెన్సు కంటే ముందు పుస్తకం ఇవ్వాలి. ఇంగ్లీషు చదివేవాళ్లకైతే బ్రయాన్ పీటర్సన్ ‘అండర్‌స్టాండింగ్ ఎక్స్‌పోజర్’ మంచిది. అపర్చరు, షట్టరు, ఐఎస్ఓ ఒకదానికొకటి ఎలా ముడిపడి ఉంటాయో ఉదాహరణలతో విప్పి చెబుతుంది. వీడియో కోర్సుల చందా మాత్రం కట్టొద్దంటాను. అవి ఉచితంగానే కావలసినన్ని ఉన్నాయి, కరువైంది కూర్చుని చూసే ఓపికే. ఆ డబ్బుతో అతను తీసినవాటిలో ఒక పది, ల్యాబులో 12×18 అంగుళాల సైజులో ప్రింటు తీయించి ఇవ్వండి. ఫోను తెర మీద దాగిన ఫోకస్ తప్పు, వంగిన గోడ, నల్లబడిన నీడ అంత కాగితం మీద దాగవు. ఆ తర్వాత తనకు ఏ లెన్సు కావాలో అతనే చెబుతాడు.