లండన్ మందు, లాస్ ఏంజెలెస్ జబ్బు

1943 జులై 26న లాస్ ఏంజెలెస్‌లో ఎండ బాగానే కాస్తోంది. అయినా ఊరి నడిబొడ్డున గాలిలో గోధుమరంగు తెర ఒకటి దిగింది. జనానికి కళ్ళు మండి నీళ్ళు కారాయి, గొంతులు పట్టేశాయి. యుద్ధం జరుగుతున్న రోజులు కావడంతో జపాన్ వాళ్ళు విషవాయువు వదిలారేమోనని కొందరు హడలిపోయారు. ఆ భయం తగ్గాక అనుమానం ఊళ్ళోనే ఉన్న కృత్రిమ రబ్బరు ముడిసరుకు ఫ్యాక్టరీ మీదికి మళ్ళింది. దాన్ని కొన్నాళ్ళు మూయించారు కూడా. స్మాగ్ మాత్రం మళ్ళీ వచ్చింది.

1947లో కౌంటీ ఒక వాయు కాలుష్య నియంత్రణ సంస్థను పెట్టింది. ఆ అధికారులకు స్మాగ్ అంటే తెలిసింది లండన్ రకమే. అందులో దోషి పొగ, దానితోపాటు గంధకం. కాబట్టి వాళ్ళూ చమురు శుద్ధి కర్మాగారాల గొట్టాల్లోంచి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ మీద పడ్డారు. అది తగ్గింది. జనం కళ్ళు మాత్రం మండుతూనే ఉన్నాయి. రోగం వేరైతే మందు ఎంత మంచిదైనా ఏం చేస్తుంది?

లండన్ రకం ఎలా ఉంటుందో 1952 డిసెంబరు చూపించింది. 5వ తేదీన నగరం మీద గాలి కదలడం ఆగిపోయింది. పొడవాటి చలి రాత్రుల్లో నేల చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలినీ చల్లబరిచింది. పైన వెచ్చని గాలి మూతలా కూర్చుంది. మామూలుగా వేడి పొగ పైకి పోయి చెదిరిపోతుంది. ఇప్పుడు దానికి దారి లేదు. చలికి ఇంటింటా కుంపటి మండింది. ఆ చలికాలంలో రేషన్ లేకుండా దొరికింది చౌకరకం బొగ్గు. విద్యుత్ కేంద్రాలు మండించిందీ బొగ్గే.

బొగ్గులోని గంధకం కాలి సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది. పొడిగాలిలో అది నెమ్మదిగా మారుతుంది. కానీ మంచు బిందువు దొరికితే అందులో కరిగి, ఆక్సిజన్ చేర్చుకుని సల్ఫ్యూరిక్ ఆమ్లం అవుతుంది. మసి రేణువుల చుట్టూ బిందువులు పట్టుకుంటాయి. పొగ మంచును చిక్కబరిస్తే, మంచు పొగను ఆమ్లంగా మారుస్తుంది. సూర్యుడికి ఇందులో పెద్దగా పని లేదు. పైగా పొగే అతన్ని అడ్డుకుంటుంది. నేల వేడెక్కదు, పైనున్న వెచ్చని పొర వీడదు. అందుకే 9వ తేదీన గాలి మారేదాకా అది వదల్లేదు.

ఎదుటి మనిషి కనిపించక బస్సులు ఆగిపోయాయి. శాడ్లర్స్ వెల్స్ థియేటర్లోకి పొగ చొరబడి, వేదిక కనిపించక సంగీతనాటకం మధ్యలో ఆపేశారు. ఎర్ల్స్ కోర్ట్‌లో పశుప్రదర్శనకు తెచ్చిన పశువుల్లో కొన్ని ఊపిరాడక చనిపోయాయి. శుభ్రమైన గడ్డి మీద, రోజూ కడిగి ఉంచిన బహుమతి పశువులకే ఎక్కువ దెబ్బ తగిలిందనీ, పాకలు సరిగా కడగని వాటికి మూత్రంలోంచి వచ్చిన అమ్మోనియా గాలిలోని ఆమ్లాన్ని విరిచిందనీ తర్వాత వివరించారు. మనుషులకు అలాంటి అదృష్టం లేకపోయింది. తొలి లెక్కల్లో అదనపు మరణాలు సుమారు 4,000. తర్వాతి అంచనాలు 12,000 దాకా వెళ్ళాయి. చనిపోయిన వాళ్ళలో ఎక్కువమంది వృద్ధులు, పసిపిల్లలు, అప్పటికే ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్ళు.

ఇక లాస్ ఏంజెలెస్‌కి వస్తే, అక్కడి చిక్కుముడి విప్పింది కాల్టెక్‌లో పనిచేసిన డచ్ రసాయన శాస్త్రవేత్త ఆరీ హాగెన్‌స్మిట్. ఆయన అసలు పని అనాసపండు వాసనకు కారణమైన పదార్థాలను వెలికితీయడం. పండు వాసనను పట్టడానికి వాడిన అతిచల్లని గొట్టాల పద్ధతిలోనే ఊరి గాలినీ పట్టాడు. దొరికిన ఘాటైన పదార్థంలో ప్రధానంగా గంధకపు గుణం కాదు, పెట్రోలు ఆవిరి ఆక్సీకరణం చెందిన లక్షణాలు కనిపించాయి. పెట్రోలు ఆవిరినీ నైట్రోజన్ ఆక్సైడ్లనూ గాజుపాత్రలో కలిపి వెలుతురు పడనిస్తే అదే వాసన, అదే కళ్ళ మంట. చమురు కంపెనీల వాళ్ళకు ఈ మాట రుచించలేదు, కొన్నేళ్ళు వాదించారు.

జరిగేది ఇది. ఇంజిన్ వేడికి గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రిక్ ఆక్సైడ్ పుడుతుంది. అది నైట్రోజన్ డయాక్సైడ్‌గా మారుతుంది. ఆ గోధుమరంగులో దీని వాటా పెద్దదే. ఎండలోని అతినీల, నీలి కిరణాలు దాన్ని విరగ్గొట్టి ఒక ఆక్సిజన్ పరమాణువును విడదీస్తాయి. ఒంటరి పరమాణువు మామూలు ఆక్సిజన్‌తో కలిసి ఓజోన్ అవుతుంది. ఇంతవరకే అయితే మిగిలిన నైట్రిక్ ఆక్సైడ్ ఆ ఓజోన్‌ను తినేసి పాత స్థితికి వస్తుంది, ఓజోన్ పేరుకోదు. కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరి ఇక్కడ అడ్డుపడుతుంది. అది గాలిలో విచ్ఛిన్నమై నైట్రిక్ ఆక్సైడ్‌ను ఓజోన్ సాయం లేకుండానే తిరిగి నైట్రోజన్ డయాక్సైడ్ చేస్తుంది. తినేవాడు లేకపోతే ఓజోన్ మిగిలిపోతుంది.

అంటే గొట్టంలోంచి బయటికొచ్చేది ఓజోన్ కాదు, దాని ముడిసరుకు. సరుకు పొద్దున రద్దీలో పడుతుంది, ఎండ దాన్ని వండాలి. అందుకే ఓజోన్ మధ్యాహ్నం తర్వాత పెరిగి, గాలివాటున కిలోమీటర్ల దూరంలో పడుతుంది. లండన్ రకం రాత్రీ తెల్లవారుజామునా చిక్కగా ఉంటే, ఇది చీకటి పడ్డాక సద్దుమణుగుతుంది. వెచ్చని పొర రెండుచోట్లా ఉంది కానీ కారణం వేరు. కాలిఫోర్నియా తీరంలో సముద్రపు చల్లగాలి కింద ఉంటే, పైనుంచి దిగే గాలి ఒత్తిడికి వేడెక్కి దాని మీద పరుచుకుంటుంది. కొండలు పక్కకు పోనివ్వవు.

రెంటినీ గుర్తుపట్టడానికి వస్తువులు కూడా సాక్ష్యం చెబుతాయి. గంధకపు గాలి ఇనుమునూ సున్నపురాయినీ తింటుంది. ఓజోన్ రబ్బరును చీలుస్తుంది. లాస్ ఏంజెలెస్‌లో టైర్ల పక్కలు తొందరగా పగిలేవి. వంచి బిగించిన రబ్బరు ముక్క ఎన్ని నిమిషాల్లో చీలుతుందో చూసి ఓజోన్‌ను కొలిచేవాళ్ళు. పాలకూర ఆకులకు అడుగున వెండి, కంచు రంగు మచ్చలు పడేవి.

లండన్‌కు మందు తేలికే దొరికింది, 1956 స్వచ్ఛ వాయు చట్టంతో. పొగ రాని ఇంధనాలు మాత్రమే వాడే ప్రాంతాలు ఏర్పడ్డాయి, కుంపట్లు మార్చుకోవడానికి సాయం అందింది. లాస్ ఏంజెలెస్ 1957లో పెరట్లో చెత్త కాల్చే పొయ్యిలను నిషేధించింది గానీ అసలు మార్పు 1975 మోడల్ కార్ల ఎగ్జాస్ట్‌లో కెటాలిటిక్ కన్వర్టర్ వచ్చాక. సీసం దాన్ని పాడుచేస్తుంది కాబట్టి సీసం లేని పెట్రోలు కూడా రావాల్సి వచ్చింది.

మన దగ్గర ఈ రెండూ ఇంత విడివిడిగా దొరకవు. ఢిల్లీ శీతకాలంలో మంచూ, పొగలూ, వాహనాలూ ఒకే పొర కింద చేరతాయి. భోగి తెల్లవారుజామున చెన్నైలో మంటల పొగ మంచులో ఇరుక్కుని విమానాలు ఆలస్యమైన ఏళ్ళున్నాయి. గంధకం అంతగా లేకపోయినా ఆ పొర మాత్రం లండన్‌దే.

పొగ రకంలో ఎంత తగ్గిస్తే అంత మేలు. ఎండ రకంలో లెక్క అలా కుదరదు. లాస్ ఏంజెలెస్‌లో ఆదివారాల్లో లారీలు తక్కువ తిరుగుతాయి, నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గుతాయి. అయినా ఓజోన్ చాలాచోట్ల పనిరోజుల కంటే ఎక్కువ నమోదయ్యేది. తినేసే నైట్రిక్ ఆక్సైడ్ తగ్గిపోవడమే కారణం. సగం తగ్గించి ఆగితే గాలి పాడైనట్టు కనిపిస్తుంది, పెట్రోలు ఆవిరినీ నైట్రోజన్ ఆక్సైడ్లనూ కలిపి బాగా కిందికి దించితేనే ఓజోన్ దిగుతుంది.