ఎవరి ఓడ ఎక్కించుకుంటే వారిదే పూచీ

2009 మే 6న మధ్యధరా సముద్రంలో మూడు పడవలను ఇటలీ నౌకలు అడ్డుకున్నాయి. లిబియా నుంచి బయల్దేరిన ఆ పడవల్లో సుమారు 200 మంది ఉన్నారు. ఇటలీకి చెందిన లాంపెడూసా దీవి ఇంకా 35 నాటికల్ మైళ్లుంది. పడవల్లో వాళ్లను ఇటలీ సైనిక నౌకల్లోకి ఎక్కించారు. గండం గడిచింది, ఇటలీ చేరబోతున్నామని వాళ్లనుకున్నారు. ఎవరి పేరూ ఎవరూ అడగలేదు, ఏ దేశమని అడగలేదు, ఎందుకొచ్చారనీ అడగలేదు. పది గంటల ప్రయాణం తర్వాత కనిపించింది లిబియా రాజధాని ట్రిపోలీ రేవు. దిగబోమని మొండికేసినవాళ్లను బలవంతంగా దించి లిబియా అధికారులకు అప్పగించారు.

వారిలో 24 మంది, అంటే 11 మంది సోమాలియన్లూ 13 మంది ఎరిత్రియన్లూ, ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానంలో ఇటలీ మీద కేసు వేశారు. 'హిర్సీ జమా వర్సెస్ ఇటలీ' పేరుతో న్యాయశాస్త్ర విద్యార్థులు చదువుకునేది ఈ కేసునే. ప్రాణాపాయం ఉన్న చోటికి మనిషిని తిప్పి పంపకూడదన్న సూత్రం ఎంత దూరం పనిచేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి కేసు లేదు.

ఆ సూత్రం 1951 నాటి శరణార్థుల ఒప్పందంలోని 33వ అధికరణంలో ఉంది. జాతి, మతం, జాతీయత, ఒక సామాజిక వర్గానికి చెందినవాడు కావడం, రాజకీయ అభిప్రాయం - వీటిలో ఏ కారణం వల్లనైనా ప్రాణానికో స్వేచ్ఛకో ముప్పున్న చోటికి శరణార్థిని ఏ రూపంలోనూ పంపకూడదని అది చెబుతుంది. శరణార్థి అని ముద్ర పడినవాళ్లకే ఈ రక్షణ అనుకుంటారు చాలామంది. కాదు. మనిషి శరణార్థి అయ్యేది పారిపోక తప్పని పరిస్థితి వల్ల. ప్రభుత్వం ఇచ్చే కాగితం తర్వాత ఎప్పుడో వచ్చి ఆ సంగతిని నిర్ధారిస్తుంది, అంతే. కాబట్టి దరఖాస్తు తేలేదాకా కూడా పంపడానికి వీల్లేదు.

అయితే ఈ అధికరణానికి ఒక మినహాయింపు ఉంది. దేశ భద్రతకు ముప్పని భావించడానికి తగిన ఆధారాలున్నవాళ్లకూ, ఘోర నేరంలో శిక్షపడి సమాజానికి ప్రమాదకరంగా మారినవాళ్లకూ ఇది వర్తించదు. చిత్రహింసలను నిషేధించే సూత్రానికి మాత్రం మినహాయింపే లేదు. యూరోపియన్ మానవ హక్కుల ఒప్పందంలో అది 3వ అధికరణం. చిత్రహింసలు పెట్టడమే కాదు, అవి ఎదురయ్యే చోటికి మనిషిని నెట్టడం కూడా దాని ఉల్లంఘనే అని స్ట్రాస్‌బర్గ్ కోర్టు ఏనాడో తేల్చింది. ఆ 24 మంది పట్టుకున్నది ఈ అధికరణాన్నే.

ఇటలీ మొదటి వాదన: ఇది అంతర్జాతీయ జలాల్లో జరిగిన రక్షణ చర్య, మా భూభాగంలో జరిగింది కాదు. ఈ వాదనకు పెద్ద అండే ఉంది. హైతీ నుంచి పడవల్లో పారిపోతున్నవాళ్లను అమెరికా కోస్ట్ గార్డ్ నడిసముద్రంలో పట్టి వెనక్కి పంపితే, 33వ అధికరణం సముద్రం మీద వర్తించదని 1993లో అమెరికా సుప్రీంకోర్టు 8-1 మెజారిటీతో తీర్పిచ్చింది. స్ట్రాస్‌బర్గ్ న్యాయమూర్తులు ఆ దారి తొక్కలేదు. నౌక మీద ఇటలీ జెండా ఉంది, నడిపేది ఇటలీ సైనికులు. ఎక్కింది మొదలు దిగేదాకా ఆ మనుషులు పూర్తిగా ఇటలీ అదుపులోనే ఉన్నారు. అదుపు ఎవరిదో బాధ్యతా వారిదే అన్నారు.

రెండో వాదన మరీ విచిత్రం. వాళ్లెవరూ ఆశ్రయం కావాలని అడగలేదట! ఎక్కడికి తీసుకెళ్తున్నారో చెప్పకుండా ఓడెక్కించి, ఎందుకడగలేదంటే ఏం చెబుతారు? లిబియాలో విదేశీయులను ఎలాంటి నిర్బంధ కేంద్రాల్లో కుక్కుతారో, ఎలా కొడతారో అప్పటికే అనేక నివేదికల్లో ఉంది. అది ఇటలీకి తెలుసు, తెలియకపోయినా తెలుసుకోవాల్సిన బాధ్యత ఉంది. కాబట్టి వాళ్లు అడిగినా అడగకపోయినా, పంపితే ఏమవుతారో విచారించాల్సింది ఇటలీయేనని కోర్టు చెప్పింది.

అపాయం లిబియాతో ఆగదు కూడా. ఎరిత్రియాలో అనుమతి లేకుండా దేశం దాటినవాళ్లు తిరిగొస్తే జైలే. సోమాలియాలో యుద్ధం. లిబియా 1951 ఒప్పందంపై సంతకం చేయలేదు, వీళ్లను అక్కడి నుంచి సొంత దేశాలకు తరిమేసే ప్రమాదం ఉంది. మధ్యలో ఇంకో దేశం ఉన్నంత మాత్రాన మొదట పంపిన దేశం చేతులు దులుపుకోలేదు.

2012 ఫిబ్రవరి 23న న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఇటలీని తప్పుపట్టారు. ఒక్కొక్కరి సంగతి విడిగా చూడకుండా గుంపుగా వెళ్లగొట్టడం కూడా ఉల్లంఘనేనన్నారు. 15,000 యూరోల చొప్పున పరిహారం ఇవ్వమన్నారు. తీర్పు వినడానికి వాళ్లలో ఇద్దరు అప్పటికే బతికి లేరు.

మన సంగతేమిటి? భారత్ 1951 ఒప్పందంలో చేరలేదు. చిత్రహింసల వ్యతిరేక ఒప్పందంపై 1997లో సంతకం చేసింది కానీ ధ్రువీకరించలేదు. జమ్మూలో నిర్బంధించిన రోహింగ్యాల కేసులో 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వాళ్ల విడుదలకు ఒప్పుకోలేదు. జీవించే హక్కు పౌరులు కానివారికీ ఉందని అంటూనే, నిర్దేశించిన పద్ధతి ప్రకారమైతే పంపవచ్చంది. చిక్కల్లా ఆ పద్ధతిలోనే ఉంది. విదేశీయులకు సంబంధించిన చట్టం అడిగే ప్రశ్న ఈ మనిషి విదేశీయుడా, ఉండటానికి అనుమతి ఉందా అన్నదే. పంపితే ఏమవుతాడన్నది దాని ప్రశ్న కాదు. హైదరాబాద్ బాలాపూర్‌లో ఉంటున్న రోహింగ్యా కుటుంబాల భవిష్యత్తు కూడా అడగని ఆ రెండో ప్రశ్న మీదే ఆధారపడి ఉంది.

తిరిగి ఇటలీకి వద్దాం. తీర్పు నుంచి ప్రభుత్వం పాఠం నేర్చుకుంది, కాకపోతే వేరే పాఠం. తన ఓడ ఎక్కించుకుంటే బాధ్యత వస్తుంది కనుక, ఎక్కించుకోకుండా ఉంటే సరి. 2017 ఫిబ్రవరిలో లిబియాతో అవగాహన పత్రం కుదిరింది. లిబియా కోస్ట్ గార్డ్‌కు ఇటలీ గస్తీ పడవలిచ్చింది, శిక్షణ ఇచ్చింది. ఇక మనుషులను పట్టి వెనక్కి తీసుకెళ్లే పని లిబియన్లదే.

అదే ఏడాది నవంబర్ 6న మునిగిపోతున్న ఓ రబ్బరు పడవ దగ్గరికి, జర్మనీ స్వచ్ఛంద సంస్థ సీ వాచ్ ఓడతో పాటు రస్ జదీర్ అనే లిబియా గస్తీ నౌకా వచ్చింది. అది ఇటలీ ఇచ్చిన నౌకే. ఆ గందరగోళంలో కనీసం 20 మంది మునిగి చనిపోయారు. కొందరు సీ వాచ్ ఓడ ఎక్కి ఇటలీ చేరారు, మరికొందరిని లిబియన్లు తీసుకెళ్లారు. బతికినవాళ్లూ, చనిపోయినవాళ్ల బంధువులూ మళ్లీ స్ట్రాస్‌బర్గ్ తలుపే తట్టారు. ఇటలీ డబ్బు, ఇటలీ పడవ, పడవ ఆపదలో ఉందన్న కబురూ రోమ్ కేంద్రం నుంచే. అయినా లిబియా కెప్టెన్ తన ఇష్టప్రకారం వ్యవహరించాడనీ, ఆ జలాలు ఇటలీ అదుపులో లేవనీ చెప్పి, 2025లో అదే కోర్టు ఆ కేసును విచారణకు స్వీకరించకుండానే తోసిపుచ్చింది.