తెర ఎంత? దూరం ఎంత?

షోరూంలో మానిటర్‌ను ఎవరూ కూర్చుని చూడరు. నిలబడి, ముందుకు వంగి, ముక్కు తెరకు తగులుతుందేమో అన్నంత దగ్గరగా చూస్తారు. అక్కడి నుంచి చూస్తే 4కె తెర పక్కన ఫుల్ హెచ్‌డీ తెర వెలవెలబోతుంది. సేల్స్ కుర్రాడికి సగం పని అక్కడే అయిపోతుంది. ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టుకుని, రెండడుగుల వెనక కూర్చున్నాక ఆ తేడాలో ఎంత మిగులుతుందో చెప్పే లెక్క ఒకటుంది. దానికి మూలం కంటి డాక్టరు గోడకు తగిలించే చార్టు.

ఆ చార్టును ఆరు మీటర్ల దూరం నుంచి చదివిస్తారు. 6/6 చూపు వరుసలో అక్షరం ఎత్తు తొమ్మిది మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. అందులో అయిదో వంతు గీత మందం. అంత దూరంలో ఆ గీత కంటి దగ్గర చేసే కోణం ఒక డిగ్రీలో అరవయ్యో వంతు. మామూలు మంచి కన్ను విడదీసి చూడగలిగేది దాదాపు అంతవరకే. తెర మీది చుక్క, అదే పిక్సెల్, అంతకన్నా చిన్న కోణం చేస్తే పక్కపక్క చుక్కలు కలిసిపోతాయి. ఆపైన చుక్కలు ఎంత పెంచినా కంటికి పెద్దగా చేరదు.

దీన్నుంచి ఓ సులువైన సూత్రం వస్తుంది. చుక్క వెడల్పును మిల్లీమీటర్లలో తీసుకుని 3.44తో గుణిస్తే, ఎంత దూరంలో చుక్కలు కలిసిపోతాయో మీటర్లలో తెలుస్తుంది. మానిటర్ వివరాల్లో ఈ వెడల్పు ‘పిక్సెల్ పిచ్’ అనే పేరుతో ఉంటుంది. లేదంటే తెర వెడల్పును టేపుతో కొలిచి అడ్డంగా ఉన్న పిక్సెళ్లతో భాగిస్తే సరి. 2010లో ఐఫోన్ 4 విడుదల చేస్తూ స్టీవ్ జాబ్స్ అంగుళానికి 300 చుక్కలు దాటితే చేతిలోని ఫోన్‌లో చుక్కలు కనపడవన్నది కూడా ఈ లెక్క ప్రకారమే. పది పన్నెండు అంగుళాల దూరానికి అది సరిగ్గా సరిపోతుంది. మానిటర్‌ను ఎవరూ అంత దగ్గర పెట్టుకోరు కదా.

ఇప్పుడు తెలుగు పుస్తకాల డీటీపీ చేసే మనిషిని తీసుకుందాం. కంటికీ తెరకూ మధ్య 65 సెంటీమీటర్లు. ముందున్నది 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్. చుక్క వెడల్పు 0.277 మిల్లీమీటర్లు, కలిసిపోయే దూరం 95 సెంటీమీటర్లు. మనిషి దానికన్నా బాగా ముందున్నాడు గనక అక్షరాల అంచులు గరుకుగా కనిపిస్తాయి. విండోస్‌లో మామూలు సైజులో పది పాయింట్ల అక్షరానికి మొత్తం పదమూడు చుక్కలే దక్కుతాయి, వాటిలో వత్తుకు మిగిలేవి నాలుగైదు. ‘అర్థం’లో వత్తుకు కడుపులో చుక్క ఉంటుంది, ‘అర్ధం’లో ఉండదు. నాలుగైదు పిక్సెళ్లలో ఆ తేడా నిలవదు. ప్రూఫులు దిద్దేవాళ్లు పేజీని మాటిమాటికీ పెద్దది చేసి చూసుకోవడానికి అదొక కారణం.

ఆయనకు 4కె పనికొస్తుందా? వస్తుంది, అయితే తెర సైజు చూసుకోవాలి. 27 అంగుళాల 4కెలో చుక్క 0.156 మిల్లీమీటర్లు, కలిసిపోయే దూరం 54 సెంటీమీటర్లు. 65లో కూర్చున్న కంటికి చుక్కలు లేనట్టే. విండోస్‌లో స్కేలింగ్ 150 శాతం పెడితే పది పాయింట్ల అక్షరానికి ఇరవై చుక్కలు వస్తాయి, వత్తు కడుపులోని చుక్కకు చోటు దొరుకుతుంది. పైగా పాత ఫుల్ హెచ్‌డీ కంటే తెర మీద పట్టే సరుకూ పెరుగుతుంది. 32 అంగుళాల 4కె అయితే లెక్క 63 సెంటీమీటర్లకు వస్తుంది, ఇంకా పొందికగా కుదురుతుంది. కాకపోతే అంత వెడల్పు తెరను ఆ దూరంలో పెట్టుకుంటే మూలలు చూడటానికి మెడ తిప్పుతూనే ఉండాలి. రెండు పేజీలు పక్కపక్కన తెరిచి పనిచేసేవాళ్లకు తప్ప దాన్ని నేను సిఫారసు చేయను.

అదే 4కెను 24 అంగుళాల తెరలో కొంటే డబ్బు జారిపోవడం మొదలవుతుంది. చుక్కలు కలిసిపోయే దూరం 48 సెంటీమీటర్లే. 65లో కూర్చున్న మనిషి కంటికి అడ్డంగా దాదాపు 2,800 చుక్కలు చాలు, తెరలో ఉన్నవి 3,840. నిలువును కూడా కలుపుకుంటే దాదాపు సగం చుక్కలు ఎవరూ చూడనివే. స్కేలింగ్ లేకుండా వాడితే అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి. 200 శాతం పెడితే అక్షరం సైజు ఫుల్ హెచ్‌డీలో ఉన్నంతే, తెర మీద పట్టే సరుకూ అంతే. అక్షరం నునుపు ఒక్కటే లాభం. ‘ఎక్కువ కిటికీలు తెరుచుకోవచ్చు’ అని కొన్నవాళ్లకు ఆ మాట తీరదు. పేజ్‌మేకర్ లాంటి పాత సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు ఇంకో చిక్కు: దానికి స్కేలింగ్ తెలియదు గనక విండోస్ దాని బొమ్మను సాగదీసి చూపిస్తుంది, అక్షరం మసకబారుతుంది.

అసలైన వృథా ల్యాప్‌టాప్‌లో ఉంది. 15.6 అంగుళాల తెరకు ఫుల్ హెచ్‌డీ చాలు. కలిసిపోయే దూరం 62 సెంటీమీటర్లు, ఒళ్లో కాకుండా బల్ల మీద పెట్టి పనిచేసే దూరం ఇంచుమించు అదే. 4కె చుక్కలను విడివిడిగా చూడాలంటే ముఖాన్ని 31 సెంటీమీటర్ల దాకా తీసుకుపోవాలి. కీబోర్డు ముందుండగా అది కుదరని పని. ఆ నాలుగింతల చుక్కలకు బ్యాటరీ కూడా ఎక్కువ ఖర్చవుతుంది. హాల్లోని టీవీదీ ఇదే కథ: 43 అంగుళాల తెరలో ఫుల్ హెచ్‌డీ చుక్కలే 1.7 మీటర్లకు కలిసిపోతాయి, మన సోఫాలేమో మూడు మీటర్ల దూరంలో ఉంటాయి. కొత్త టీవీ బాగుందనిపిస్తే దాని వెలుగుకూ రంగులకూ దక్కాల్సిన పేరది.

ఈ లెక్కను గీత గీసినట్టు పట్టుకోకూడదు. కుర్రవాళ్లలో చాలామందికి 6/6 కంటే మెరుగైన చూపు ఉంటుంది, వాళ్లకు కలిసిపోయే దూరం పెరుగుతుంది. ఏటవాలు గీతలోని చిన్న మెట్టును కన్ను ఇంకా సూక్ష్మంగా పట్టేస్తుంది గనక వాక్యాలు చదివే పనికి హద్దు దాటి కాస్త నునుపు ఉన్నా మంచిదే. వీడియోకు అంత పట్టింపు లేదు. మరోవైపు, చూపు 6/9 ఉన్నవాళ్లకు ఆ 95 సెంటీమీటర్లు 63కు తగ్గుతాయి. అంటే వాళ్ల కంటికి 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరే పరమావధి! 4కె మానిటర్ ధరలో చిన్న భాగం పెట్టి కొత్త కళ్లద్దాలు చేయించుకుంటే వాళ్లకు ఎక్కువ పదును కనిపిస్తుంది.

మీ కంటి హద్దు ఇప్పుడున్న తెర మీదే తేలుతుంది. స్కేలింగ్ 100 శాతంలో ఉంచి, పెయింట్‌లో పిక్సెల్ మందంతో ఒక నల్ల గీత, ఒక తెల్ల గీత చొప్పున కొన్ని గీయండి. దగ్గర నుంచి మెల్లగా వెనక్కి జరగండి. గీతలు కలిసి ఒకే బూడిద రంగు పలకగా కనిపించిన చోట ఆగి, తెరకూ కంటికీ మధ్య దూరం కొలవండి. రోజూ కూర్చునే చోటు దానికి వెనకే ఉంటే, అదే సైజులో ఇంకా ఎక్కువ చుక్కలున్న తెర కొనాల్సిన పని లేదు. బాగా ముందుంటే కొనండి, కొనే ముందు కంప్యూటర్ పోర్టు ఏదో చూసుకోండి. పాత హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు 4కె బొమ్మను సెకనుకు 30 సార్లే పంపుతుంది, మౌస్ బాణం గెంతుతూ కదులుతుంది.